గంటల లెక్క

ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో అయిదుగురం ఉన్నాం. నాన్న రాత్రంతా చేపల వేటలో ఉండి వచ్చి, స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. తాతయ్య గుమ్మం పక్కన కూర్చుని చిరిగిన వల కడుతున్నాడు. మా మేనత్త నూకరత్నం నర్సాపురంలో ఇల్లిల్లూ తిరిగి చేపలు అమ్ముతుంది. నాన్న తెచ్చిన చేపల కోసం వచ్చి, టీ గ్లాసు పట్టుకుని నేల మీద చతికిలబడింది. అయిదో మనిషిని నేను. బియ్యం డ్రమ్ము పక్కన, ఎవరి కంటా పడకుండా నిలబడ్డాను. నాన్న ఫోనుకి వచ్చిన మెసేజీ అందరి కంటే ముందు చూసింది నేనే.

"ఫోను మోగింది కదే, ఎవరు?" అన్నాడు నాన్న.

"కాలేజీ నుంచి."

"చదువు మరి."

నాన్నకి తెలుగు చదవడం వచ్చు గానీ ఫోనులో అక్షరాలు చిన్నవిగా ఉంటాయి. నేను గొంతు సవరించుకుని చదివాను. "శ్రీసత్య తండ్రిగారికి నమస్కారం. సెమిస్టరు సగం గడిచింది. మీ అమ్మాయి హాజరు ఇప్పటికి అరవై రెండు శాతం ఉంది. దయచేసి సోమవారం కాలేజీకి వచ్చి స్టాఫ్ రూములో నన్ను కలవండి. రత్నమాణిక్యం, జువాలజీ లెక్చరర్."

"అరవై రెండా!" అత్త టీ గ్లాసు కింద పెట్టేసింది. "ఫస్టు క్లాసే గదే పిల్లా! ఆ మాట చెప్పడానికి డ్రమ్ము ఎనకాల దాక్కుంటావేంటి? లోవలచ్చిమీ, పంచదార తియ్యి, నోరు తీపి చేద్దాం."

అమ్మ నిజంగానే పంచదార డబ్బా అందుకుంది. తాతయ్య వల మీంచి తలెత్తి, "పాసయిందా?" అని గట్టిగా అడిగాడు. ఆయనకి కాస్త చెముడు.

"మార్కులు కాదత్తా," అన్నాను. "హాజరు. వెళ్లిన క్లాసులు."

"రోజూ ఎల్తున్నావు గదా?"

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని నా వైపు తిరిగాడు. నాన్న కేకలు వేసే మనిషి కాదు. అందుకే ఆయన అడుగుతుంటే ఎక్కువ భయం వేస్తుంది.

"రోజూ నేనో మీ అమ్మో బస్సెక్కిత్తన్నాం. నాలుగు రోజులు జ్వరం వచ్చి పడుకున్నావు. అంతేగా? మిగతావేమయినాయి?"

రోజూ వెళ్తున్న మాట నిజమే. మా ఊరి నుంచి సఖినేటిపల్లి రేవు దాకా బస్సు, అక్కడ ఫంటు ఎక్కి గోదావరి దాటి నర్సాపురం, రేవు నుంచి కాలేజీకి నడక. ఒక్క రోజు కూడా ఆలస్యంగా వెళ్లలేదు. ఏమయ్యాయో నాకు మూడు రోజుల ముందే తెలిసింది. ఆ మాట మా వాళ్లకి ఎలా చెప్పాలో తెలియక మూడు రోజులూ ఊరుకున్నాను.

"ఆ మేడం గారిచ్చిన ఉత్తరం తీసుకురా," అన్నాడు నాన్న.

కాలేజీ తెరిచిన మొదటి రోజున రత్నమాణిక్యం మేడం క్లాసులో అందరికీ తలో ఉత్తరం ఇచ్చారు. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. "పల్లెల నుంచి వచ్చిన పిల్లలు సిగ్గుపడి అడగరు, అందుకే అన్నీ రాసి ఇస్తున్నాను, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి," అన్నారు. నాకు ఎవరైనా ఉత్తరం రాయడం అదే మొదటిసారి. 'ప్రియమైన విద్యార్థినికి' అని మొదలయింది. ఇంటికొచ్చి పెద్దగా చదివాను. అందరూ విన్నారు. తర్వాత అమ్మ దాన్ని రేషను కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచింది.

ఇప్పుడు ఆ కవరు తీసి ఇచ్చింది. మళ్లీ మొదటి నుంచి చదవమన్నాడు నాన్న.

చదివాను. చదువు ఏడాదికి రెండు సెమిస్టర్లు. ఈ సెమిస్టరులో మేజరు సబ్జెక్టువి రెండు కోర్సులు, ఇంగ్లీషు, తెలుగు, ఇంకా స్కిల్ కోర్సులు ఉంటాయి. మైనరు సబ్జెక్టు రెండో సెమిస్టరు నుంచి మొదలవుతుంది. థియరీకి ఒక్కో కోర్సుకి వంద మార్కులు. అందులో ఇరవై అయిదు కాలేజీలో మిడ్ పరీక్షలకీ, అసైన్‌మెంట్లకీ. డెబ్బై అయిదు సెమిస్టరు చివర యూనివర్సిటీ పరీక్షకి. ప్రాక్టికల్సుకి మార్కులు వేరు.

"ఆగాగు," అంది అత్త. "డెబ్బై అయిదు అన్నావు. నీకు అరవై రెండు వచ్చినియ్యి. పదమూడేగా తక్కువ?"

"ఆ డెబ్బై అయిదు వేరత్తా. ఇది వేరు."

"అన్నీ డెబ్బై అయిదేనేంటే మీ కాలేజీలో?"

నాన్న నవ్వలేదు. నేను తర్వాతి పేరా చదివాను. నాకు కంఠతా వచ్చిన పేరా అది.

'హాజరు డెబ్బై అయిదు శాతం తప్పనిసరి. అరవై అయిదుకీ డెబ్బై అయిదుకీ మధ్య ఉంటే, అనారోగ్యానికి డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చి, రుసుము కట్టి మినహాయింపు అడగవచ్చు. అరవై అయిదు కంటే తగ్గితే పరీక్ష రాయనివ్వరు, ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. ఈ నిబంధన మార్చే అధికారం నాకు లేదు. హాజరు లెక్కించేది గంటకు. ఏ గంట తప్పినా ఆ గంట హాజరు పోతుంది. కనుక అన్ని గంటలకూ ఉండండి.'

"ఇంత ఇదిగా రాశారు గదే," అన్నాడు నాన్న. "మరి ఎందుకు తప్పినియ్యి నీకు గంటలు?"

అప్పుడు చెప్పాల్సి వచ్చింది.

మా ఊరి హైస్కూల్లో గంట అంటే వేపచెట్టుకి వేలాడగట్టిన రైలు పట్టా ముక్క. వెంకటరాజు మాస్టారు పొద్దున ఒకసారి కొట్టిస్తారు, అన్నాలయ్యాక ఒకసారి కొట్టిస్తారు. ఆ రెండు గంటలకీ పేర్లు పిలుస్తారు. "గంటకి ఉన్నావా?" అంటే హాజరు పలికావా అని. "గంట తప్పింది" అంటే ఆ పూట లెక్కలో లేనట్టు. అయిదేళ్లు ఆ మాట అలాగే విన్నాను. ఇంటరు కూడా అదే ఆవరణలో చదివాను. మేడం రాసిన గంటలు కూడా నాకు అవే అనిపించాయి. కాలేజీలో కూడా పొద్దున మొదటి క్లాసులో పేర్లు పిలుస్తారు, మధ్యాహ్నం బెల్లు తర్వాత మొదటి క్లాసులో మళ్లీ పిలుస్తారు. రెంటికీ పలికేదాన్ని. మిగతా క్లాసుల్లో పిలవరు. వచ్చిన లెక్చరరు ఒకసారి బెంచీలు చూసి, లేనివాళ్ల నంబర్లు రాసుకుని పాఠం మొదలుపెడతారు. ఆ రాసుకునేది ఏమిటో నేనెప్పుడూ అడగలేదు.

రేవు దగ్గర మా ఊరి బస్సు సాయంత్రం పెందరాళే వెళ్లిపోతుంది. దాని తర్వాతది చీకటి పడ్డాక. అందుకని మధ్యాహ్నం పేరు పలికి, ఆ ఒక్క క్లాసు విని, చివరి రెండూ వదిలేసి ఫంటు ఎక్కేదాన్ని. రోజుకి ఆరు క్లాసులు. రోజూ రెండు పోయాయి. ఆ నోట్సు మాత్రం మర్నాడు మా క్లాసు కీర్తిప్రియ దగ్గర తీసుకుని రాసుకునేదాన్ని. మూడు రోజుల క్రితం ఆ అమ్మాయే అడిగింది, "సత్యా, నువ్వు రోజూ చివరి రెండు గంటలు బంకు కొడతావెందుకు? చూడ్డానికి ఇంత నెమ్మదిగా ఉంటావు!" అని. పక్కనున్న వాళ్లు నవ్వారు. గంట అంటే పీరియడని నాకు అప్పుడు తెలిసింది. డిగ్రీలో చేరి, సెమిస్టరు సగం అయ్యాక.

"గంటంటే గంట అనుకున్నాను నాన్నా," అని ముగించాను.

అత్త పకపకా నవ్వింది. "ఓసి నీ చదువు సంతకెళ్ల! గుళ్లో గంట అనుకున్నావేంటే?" అమ్మ పంచదార డబ్బాకి మూత పెట్టేసింది. ఆ చప్పుడు అత్త నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది. నాన్న మాత్రం ఉత్తరం తీసుకుని, కళ్లకి దూరంగా పెట్టుకుని, ఆ పేరా తనే ఒకసారి చదివాడు.

"నేను విన్నప్పుడు నాకూ అలాగే అనిపించింది," అన్నాడు.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"ఇప్పుడేం చేత్తే కుదురుద్ది?"

లెక్క నేను వేసుకునే ఉన్నాను. ఇక మీదట ఒక్క క్లాసూ వదలకపోతే సెమిస్టరు చివరికి ఎనభై దాకా వస్తుంది. కానీ చివరి క్లాసు దాకా ఉంటే బస్సు పోతుంది. ఉత్తరం చివర్లో దానికి కూడా దారి ఉంది. 'దూరం నుంచి వచ్చేవారు బస్సు ఇబ్బంది ఉంటే సంకోచించకుండా నాకు చెప్పండి. హాస్టలు సీటు కోసం నేను ప్రిన్సిపాల్ గారికి రాస్తాను. మీ తల్లిదండ్రులు ఎప్పుడైనా నన్ను కలవవచ్చు.' ఆ వాక్యం నేను ఎన్నిసార్లు చదువుకున్నానో. మేడం స్టాఫ్ రూము గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లాను కూడా. లోపల నలుగురు లెక్చరర్లు మాట్లాడుకుంటుంటే వెనక్కి వచ్చేశాను.

"హాస్టలుకి అడిగితే..." అని మొదలుపెట్టాను.

"హాస్టలు ఎందుకే? ఈ పదమూడూ ఆవిడ కలిపేత్తే సరిపోయె," అంది అత్త.

"అలా కలపరత్తా. తన చేతిలో లేదని రాశారు గదా."

"రాత్తారే. రాయకపోతే అందరూ ఎగబడరూ? తాసీల్దారు ఆఫీసులో కూడా 'లంచాలు ఇవ్వరాదు' అని రాసే ఉంటది."

"అక్కా, నువ్వుండు," అన్నాడు నాన్న. "రేపు స్టాఫ్ రూముకి రమ్మన్నారు."

"రేపు నువ్వు పడవ మీద ఉంటావు. లేకపోయినా అంతమంది సార్లలో నుంచుని నువ్వేం మాట్లాడతావురా? నోరు పెగులుద్దా నీకు? ఈ పిల్ల నీ పోలికేగా." అత్త చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచింది. "ఆవిడిల్లు నాకు తెల్సు. నెలకి రెండుసార్లు నా దగ్గరే చేప కొంటాది. ఎప్పుడైనా కలవచ్చని తనే రాసింది గదా. ఇయ్యాల ఆదివారం, ఇంట్లోనే ఉంటాది. నేనూ పిల్లా ఎళ్లొత్తాం."

నాన్న తువ్వాలు దులిపి దండెం మీద వేశాడు. ఆయన ముఖంలో తేలిక కనిపించింది. స్టాఫ్ రూములోకి వెళ్లక్కర్లేదన్న తేలిక. అది నాకు బాగా తెలుసు, నాలోనూ అదే ఉంది. అందుకే నేను వద్దని అనలేదు.

"ఉత్త చేతుల్తో పెద్దోళ్ల గుమ్మం తొక్కకూడదు," అంటూ అత్త చేపల బుట్ట దగ్గరికి వెళ్లింది. రాత్రి వేటలో నాన్నకి పడిన వాటిలో అన్నిటికంటే పెద్దది ఒక పండుగప్ప. వెండి పళ్లెంలా మెరుస్తోంది. దాన్ని తీసి తడి గోనె ముక్కలో చుట్టి, నైలాన్ సంచిలో పెట్టింది. తోక బయటికే ఉండిపోయింది.

"అది అమ్మేది గదే?" అన్నాడు తాతయ్య.

"మనవరాలి హాజరుకి!" అని ఆయన చెవిలో అరిచింది అత్త.

ఫంటు మీద అత్త నలుగురితో మాట్లాడింది. నేను చేప సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో, "అబ్బో, పండుగప్ప! ఎవరింట్లో పెళ్లి నూకరత్నం?" అన్నారు. "పెళ్లి కాదు, కాలేజీ పని," అంది అత్త గర్వంగా. నర్సాపురం రేవులో దిగేదాకా నేను తల తిప్పలేదు. మేడం ముందు చెప్పాల్సిన మాటలు లోపల్లోపలే అనుకుంటూ వచ్చాను. 'మేడం, నాకు హాస్టలు సీటు కావాలండి. ఇక మీదట ఒక్క గంట కూడా తప్పనండి.' రెండే మాటలు. వాటిని పదేపదే అనుకున్నాను.

మేడం ఇల్లు మేడ మీద. కింద వాటాలో లోకనాథ్ సార్ ఉంటారు. ఆయన మా కాలేజీలోనే లెక్కల లెక్చరరు. ఆయన అక్కడ ఉంటారని నాకు నేమ్ బోర్డు చూశాకే తెలిసింది. వెంటనే కాళ్లు ఆగిపోయాయి.

"అత్తా, వద్దు. రేపు కాలేజీకే వెళ్దాం."

"ఇక్కడి దాకా వచ్చి మళ్లుతారేంటే? నా మోకాళ్లతో నేను మెట్లెక్కలేను. నువ్వెక్కు. పిల్ల చేత్తో ఇత్తే కాదనలేరు." సంచి నా చేతిలో పెట్టి, తను మెట్ల కింద కూర్చుంది.

సంచి బరువుగా ఉంది. మెట్ల మీద నీళ్లు కారుతూనే ఉన్నాయి. తలుపు ముందు నిలబడి చాలాసేపు బెల్లు నొక్కలేదు. కింద నుంచి అత్త "నొక్కవే!" అంది. నొక్కాను.

తలుపు మేడమే తీశారు. ఇంట్లో చీరలో ఉన్నారు, జుట్టు విరబోసుకుని. కాలేజీలో చూసే మనిషిలా లేరు. నన్ను పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత నవ్వారు.

"శ్రీసత్య కదూ? మెసేజీ చూశారా మీ నాన్నగారు? రా అమ్మా..." అని పక్కకి జరిగారు.

ఆ నవ్వు చూశాక నాకు ఫంటు మీద అనుకున్న మాటలు రాబోయాయి. అంతలో ఆవిడ చూపు సంచి మీద, బయటికి ఉన్న తోక మీద పడింది.

"ఏంటమ్మా అది?"

"చేపండి."

"చేపని తెలుస్తోంది. ఎందుకు?"

నా నోట్లోంచి ఏ మాట రాకూడదో అదే వచ్చింది. "హాజరు కోసమండి."

మేడం నవ్వు ఆగిపోయింది. పక్కకి జరిగిన మనిషి మళ్లీ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"ఏమన్నావు?"

"కాదండి... గంటలు... నాకు తెలియలేదండి."

"ఉత్తరం ఇచ్చాను కదా. చదివావా లేదా?"

"ఆయ్, చదివానండి. గంటంటే గంట అనుకున్నానండి."

"గంటంటే గంట కాకపోతే ఏంటమ్మా?" ఆవిడ గొంతులో కోపం కంటే విసుగే ఎక్కువ ఉంది. "అంత వివరంగా రాసింది ఎందుకు? మీలాంటి పిల్లలు ఇబ్బంది పడకూడదనే కదా. బస్సు సంగతి చెప్పమని కూడా రాశాను. చెప్పావా నువ్వు?"

నేను తల అడ్డంగా ఊపాను. బడి గంట సంగతి, పట్టా ముక్క సంగతి, పేర్లు పిలిచే సంగతి అన్నీ చెబితే ఆవిడకి అర్థమవుతుంది. అక్కడ నిలబడి అంత పొడుగు కథ చెప్పే ధైర్యం నాకు లేదు. ముక్కుమీది చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు. గోనె నీళ్లు ఆవిడ గుమ్మం ముందున్న ముగ్గు మీద పడి, ముగ్గు కరిగిపోతోంది. కాలు పక్కకి జరిపి దాన్ని దాచబోయాను. ఇంకా చెరిగింది.

మేడం అది చూశారు. నా ముఖం కూడా చూశారు. కాస్త మెత్తబడ్డట్టే అనిపించింది. "సరే, ముందు అది కింద పెట్టి..." అని ఏదో అనబోయారు.

అప్పుడే కింద నుంచి అత్త, చేపలమ్మే గొంతుతో, వీధంతా వినపడేలా కేక వేసింది.

"మేడం గారండీ! మంచి చేపండి, రాత్రి పడింది! పులుసు పెట్టుకోండి! మా పిల్లకి ఆ పదమూడూ కలిపెయ్యండి చాలు!"

కింద వాటా కిటికీ రెక్క తెరుచుకుంది. లోకనాథ్ సార్ చేతిలో పేపరు పట్టుకుని, మెడ పైకి తిప్పి మా వైపు చూశారు. ఎదురింటి డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ చేతిలో చీర అలాగే ఉంచేసింది.

మేడం ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు నాకు తెలుసు. మూడు రోజుల క్రితం క్లాసులో పక్కనున్న వాళ్లు నవ్వినప్పుడు నా ముఖంలో వచ్చింది అదే. ఆవిడకీ అలా అవుతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. నా వల్ల అయింది.

"తీసుకెళ్లిపో," అన్నారు, కింద ఉన్నవాళ్లకి వినపడేంత గట్టిగా. "ఈ ఇంట్లో ఎవరి హాజరూ అమ్మను. రేపు మీ నాన్నగారిని తీసుకుని కాలేజీకి రా. ప్రిన్సిపాల్ గారి ముందే మాట్లాడదాం."

"మేడం, హాస్టలు..." అన్నాను.

"రేపు," అని, నా వైపు చూడకుండా ఆవిడ తలుపు వేసేశారు.